ఏడాదా, నాలుగు నెలల పది రోజులా? ఖురాన్‌లో ‘రద్దైన’ ఆయత్‌ల లెక్క తేలేదెలా

పాలమూరులో అయినా, నల్లగొండలో అయినా ముస్లిం ఇంట్లో మగదిక్కు పోయిందంటే, భార్య ఇద్దత్‌లో కూర్చుందన్న మాట పక్కింటి హిందువులకు కూడా తెలుస్తుంది. ఆ గడువు ఎంతో కూడా చాలామందికి తెలుసు: నాలుగు నెలల పది రోజులు. అన్నిరోజులూ ఆమె మళ్లీ పెళ్లి మాట ఎత్తదు, సింగారించుకోదు, రాత్రిళ్లు ఆ ఇల్లు వదలదు. ఇది ఖురాన్ చెప్పిన లెక్కే. రెండో సూరా, అంటే రెండో అధ్యాయం, బఖరాలో 234వ ఆయత్‌లో, అంటే 234వ వాక్యంలో, ఈ గడువు స్పష్టంగా ఉంది.

అదే సూరాలో ఇంకో ఐదు ఆయత్‌లు దాటి 240కి వస్తే మాత్రం వేరే లెక్క కనిపిస్తుంది. భార్యలను వదిలి చనిపోయేవారు వాళ్లకు ఏడాది పాటు జీవనభృతి అందేలా, ఇంట్లోంచి పంపించకుండా ఉండేలా వసీయత్, అంటే వీలునామా, చేయాలని అక్కడ ఉంది. వాళ్లంతట వాళ్లే వెళ్లిపోతే మీ మీద తప్పు లేదని కూడా ఉంది. రెండు ఆయత్‌లూ భర్త పోయిన స్త్రీ గురించే. రెండూ ఒకే సూరాలోనివి, నడుమ ఉన్నవాటిలో రెండు నమాజు గురించినవి. మరి ఊళ్లో మౌల్వీ సాబ్ ఏడాది అనకుండా నాలుగు నెలల పది రోజులే ఎందుకంటారు? సున్నీల నాలుగు మజ్హబ్‌లూ, అంటే నాలుగు ధర్మశాస్త్ర సంప్రదాయాలూ, ఈ విషయంలో ఒకే మాట మీద ఎందుకున్నాయి?

దీనికి పండితులు చెప్పే జవాబు పేరు నస్ఖ్. అంటే, ముందు వచ్చిన ఒక ఆజ్ఞను తర్వాత వచ్చిన ఆజ్ఞ తొలగించడం. తొలగించినదాన్ని నాసిఖ్ అంటారు, తొలగిపోయినదాన్ని మన్సూఖ్ అంటారు. తాసిల్ ఆఫీసులో ఫైళ్లు చూసినవాళ్లకు ఇది కొత్తగా తోచదు. కొత్త జీవో వచ్చి పాత జీవోను రద్దు చేస్తుంది, కానీ పాత కాగితాన్ని ఎవరూ చింపి పారేయరు, అది ఫైల్లోనే ఉంటుంది. ఖురాన్‌లోనూ ఎక్కువగా చర్చకు వచ్చే నస్ఖ్ ఈ రకమే: ఆయత్ చదువుతారు, నమాజులో పఠిస్తారు, కానీ అందులోని ఆజ్ఞ ఇప్పుడు అమల్లో లేదంటారు. చదవడం కూడా ఆగిపోయిన ఆయత్‌లు ఉన్నాయా అన్నది వేరే పెద్ద వివాదం, దాని జోలికి ఇక్కడ పోవడం లేదు.

అయితే జీవోతో పోలిక ఒక దగ్గర తెగిపోతుంది. జీవో మీద నంబరు ఉంటుంది, తేదీ ఉంటుంది, ఏ పాత జీవోను రద్దు చేస్తున్నదో కూడా రాసి ఉంటుంది. ఆయత్‌ల మీద తేదీలు ఉండవు. ముస్‌హఫ్‌లో, అంటే ఖురాన్ గ్రంథ ప్రతిలో, ముందున్నది ముందు వచ్చిందనీ, వెనకున్నది తర్వాత వచ్చిందనీ అనుకోవడానికీ వీల్లేదు. ఆ వరుస అవతరించిన కాలక్రమం కాదు. భర్త పోయిన స్త్రీ ఆయత్‌ల విషయంలో ఈ చిక్కు బాగా బయటపడుతుంది, ఎందుకంటే ఇక్కడ రద్దు చేసిందని చెప్పే 234 ముందుంది, రద్దైందని చెప్పే 240 తర్వాతుంది. ఖురాన్‌ను మొదటి పేజీ నుంచి చదువుకుంటూ పోయేవాడికి సరిగ్గా తలకిందులుగా అర్థమవుతుంది.

ఈ ప్రశ్న మొదట వేసింది మన కాలం వాళ్లు కాదు. ప్రవక్త మాటలనూ చేతలనూ చెప్పే హదీసుల సంకలనం సహీహ్ బుఖారీలో ఒక సంభాషణ ఉంది. ఉస్మాన్ ఖలీఫాగా ఉన్న కాలంలో, అంటే క్రీ.శ. 644 నుంచి 656 మధ్య, ఖురాన్ ప్రతులు రాయిస్తున్నప్పుడు ఆ పనిలో ఉన్న అబ్దుల్లా ఇబ్న్ జుబైర్ ఆయన్ని అడిగాడు: ఈ 240వ ఆయత్‌ను ఇంకో ఆయత్ రద్దు చేసింది కదా, మరి దీన్ని ఎందుకు రాయించడం, ఎందుకు ఉంచడం? ఉస్మాన్ జవాబు చిన్నది. అన్నకొడుకా, ఇందులో దేన్నీ దాని చోటు నుంచి నేను కదిలించను, అన్నాడు.

ఈ రెండు ముక్కల్లో చాలా విషయం ఉంది. ఆ ఆయత్ ఆజ్ఞ అమల్లో లేదన్న సంగతిని ఉస్మాన్ కాదనలేదు. అలాగని అమల్లో లేదు కాబట్టి తీసేద్దామనీ అనలేదు. పాఠాన్ని కూర్చడం ఒక పని, అందులోంచి చట్టం తీయడం ఇంకో పని అని ఆ తరం అప్పటికే విడదీసి చూసింది. ముస్‌హఫ్‌లో ఉన్నంత మాత్రాన ఆజ్ఞ అమల్లో ఉందనుకోవడం ఎంత తొందరపాటో, అమల్లో లేదు కాబట్టి అది ఖురాన్ కాదనుకోవడమూ అంతే తొందరపాటు.

అసలు ఏడాది అన్నమాట ఎక్కడినుంచి వచ్చింది? ఇస్లాంకు ముందు అరబ్బుల్లో ఉన్న ఆచారం గురించి హదీసుల్లో ఒక వర్ణన ఉంది. భర్త పోయిన స్త్రీ ఓ ఇరుకు గుడిసెలోకి పోయేది, ఉన్నవాటిలో పాడు బట్టలు కట్టుకునేది, అత్తరు ముట్టేది కాదు. అట్లా ఏడాది గడిచాక బయటికి వచ్చి, ఒంటె పెంటికను విసిరేసి ఆ గడువు ముగించేది. ఈ సంగతి చెప్పింది ప్రవక్త భార్య ఉమ్మె సలమా కూతురు జైనబ్. సందర్భం కూడా గుర్తుంచుకోదగినది. భర్త పోయిన తన బిడ్డకు కళ్లు నొస్తున్నాయి, సుర్మా పెట్టవచ్చా అని ఒక తల్లి ప్రవక్తను అడిగింది. ఆయన ఒప్పుకోలేదు. ఇప్పుడున్నది నాలుగు నెలల పది రోజులే, పాతకాలంలో మీలో ఒకరు ఏడాది చివర పెంటిక విసిరేదాకా ఆగేవారు కదా, అన్నాడు.

కాలక్రమం ఎట్లా తెలుస్తుందన్న ప్రశ్నకు ఈ హదీసులో ఒక ఆధారం దొరుకుతుంది. ఏడాది పాత లెక్క, నాలుగు నెలల పది రోజులు కొత్త లెక్క అని ఈ మాటల్లోనే ధ్వనిస్తోంది. నస్ఖ్ జరిగిందని చెప్పాలంటే ఉసూల్ పండితులు, అంటే శాసన సూత్రాల పండితులు, ముఖ్యంగా రెండు విషయాలు చూస్తారు. ఒకటి, రెండు ఆజ్ఞలూ ఎంత ప్రయత్నించినా ఒకచోట పొసగకూడదు. రెండు, ఏది ముందు వచ్చిందో ఏది తర్వాత వచ్చిందో ప్రవక్త మాటవల్లగానీ, సహచరుల కథనంవల్లగానీ తెలియాలి. ఊహ పనికిరాదు. ఇవి ఆజ్ఞలకే వర్తిస్తాయి. జరిగిన సంగతి చెప్పే ఆయత్‌కూ, విశ్వాసం గురించి చెప్పే ఆయత్‌కూ నస్ఖ్ ఉండదు, ఎందుకంటే ఒకసారి చెప్పిన సంగతి తర్వాత అబద్ధమైపోవడం కుదరదు.

రెండో షరతు 240 విషయంలో బాగానే నెరవేరింది. గొడవంతా మొదటి షరతు దగ్గరే. ఈ రెండు ఆయత్‌లూ నిజంగా పొసగవా?

పొసుగుతాయన్నవాడు ముజాహిద్. ప్రవక్త సహచరుడైన ఇబ్న్ అబ్బాస్ శిష్యుడు, 8వ శతాబ్దం తొలినాళ్ల వ్యాఖ్యాత. ఆయన మాట కూడా బుఖారీలోనే ఉంది, ఇబ్న్ జుబైర్ కథనానికి దగ్గర్లోనే. ముజాహిద్ లెక్క ఇది: నాలుగు నెలల పది రోజులు తప్పనిసరి ఇద్దత్. ఏడాదిలో ఇక మిగిలేది ఏడు నెలల ఇరవై రోజులు. ఆ మిగిలిన కాలం వసీయత్ వల్ల ఆమెకు దక్కిన హక్కు. ఉండాలనుకుంటే ఉంటుంది, పోవాలనుకుంటే పోతుంది. వాళ్లంతట వాళ్లే వెళ్లిపోతే మీ మీద తప్పు లేదని 240 చివర ఉన్నది అందుకే. అంటే 234 ఆమె మీదున్న బాధ్యతను చెబుతోంది, 240 ఆమెకున్న హక్కును చెబుతోంది. బాధ్యతకూ హక్కుకూ గొడవ లేదు కాబట్టి రద్దు అన్న మాటే అక్కర్లేదు.

తర్వాత 934లో చనిపోయిన అబూ ముస్లిం ఇస్ఫహానీ ఈ దారిలోనే ఇంకా ముందుకు పోయాడు. ఖురాన్‌లో అసలు నస్ఖే లేదన్నది ఆయన వాదం. ఆయన సొంత తఫ్సీర్, అంటే ఖురాన్ వ్యాఖ్యానం, మనకు మిగల్లేదు, కానీ 1210లో పోయిన ఫఖ్రుద్దీన్ రాజీ తన పెద్ద వ్యాఖ్యానంలో ఆయన వాదాలను ఎత్తి రాయడంవల్ల అవి బతికాయి. అబూ ముస్లిం ప్రకారం 240 మాట్లాడుతున్నది భర్తలు చేసే వసీయత్ గురించి. అట్లాంటి వసీయత్ ఉన్నా, ఆమె అసలు గడువు ముగిశాక వెళ్లిపోవచ్చు, ఏడాదిపాటు కూర్చోవడం ఆమె మీద ఫర్జ్ కాదు.

పాఠాన్ని పక్కన పెట్టుకుని చదివితే ముజాహిద్ మాట 240లోని పదాలకు బాగానే సరిపోతుంది. ఆ ఆయత్ ఆమెను కూర్చోమనలేదు, ఆమెను పంపించొద్దని మగవాళ్లకు చెప్పింది. మరి అధికసంఖ్యాకులు దీన్ని ఎందుకు ఒప్పుకోలేదు? ఎందుకంటే వాళ్ల చేతిలో పాఠం ఒక్కటే లేదు. పాత ఏడాది గడువు పోయి కొత్త గడువు వచ్చిందన్న హదీసు ఉంది, ఇబ్న్ జుబైర్ ‘రద్దైంది’ అన్నప్పుడు ఉస్మాన్ కాదనకపోవడం ఉంది, వాటితోపాటు ఆస్తి పంపకం ఆయత్ ఉంది. ఈ చివరిది ముఖ్యం.

జాగ్రత్తగా చూస్తే 240లో మూడు విషయాలున్నాయి: ఏడాది కాలం, ఆ కాలానికి జీవనభృతి, ఇంట్లో ఉండే హక్కు. ‘ఈ ఆయత్ మన్సూఖ్’ అని ఒక్కమాటలో తేల్చేసినప్పుడు ఈ మూడూ ఒకే దెబ్బకు పోయాయన్నట్టు వినిపిస్తుంది. తఫ్సీర్లలో చర్చ అట్లా లేదు. ఏడాది కాలాన్ని 234 తీసేసిందంటారు. జీవనభృతిని తీసేసింది మాత్రం వేరే సూరాలోని ఆయత్, నిసా సూరా 12. భర్తకు సంతానం ఉంటే భార్యకు ఆస్తిలో ఎనిమిదో వంతు, లేకపోతే నాలుగో వంతు అని అందులో ఉంది. వాటా ఖరారయ్యాక వసీయత్ అక్కర్లేదన్నది వాదన. దీనికి తోడు, వారసుడికి వసీయత్ లేదన్న ప్రసిద్ధ హదీసు ఉంది.

ఇక్కడ పండితుల మధ్య ఇంకో పాత తగాదా తగులుతుంది. ఖురాన్ ఆజ్ఞను హదీసు రద్దు చేయగలదా? 820లో పోయిన ఇమామ్ షాఫిఈ చేయలేదన్నాడు. ఖురాన్‌ను ఖురానే రద్దు చేస్తుంది, ప్రవక్త ఆచరణ అయిన సున్నత్‌ను సున్నతే రద్దు చేస్తుంది, ఏది దేన్ని రద్దు చేసిందో హదీసు చూపిస్తుంది అంతే, అన్నాడు. కాబట్టి ఆయన లెక్కలో ఇక్కడ పని చేసింది వారసత్వ ఆయత్, హదీసు దానికి సాక్ష్యం. హనఫీ మజ్హబ్ వాళ్లు అట్లా గీత గీయలేదు. విస్తారంగా వ్యాపించిన, అనుమానానికి తావులేని హదీసుకు ఆ శక్తి ఉందన్నారు. ఫలితం రెండు చోట్లా ఒకటే అయినా, దారి వేరు. వేరే ఆయత్‌ల దగ్గర ఈ దారి తేడా వల్లే ఫలితాలూ వేరవుతాయి.

మూడో ముక్క, ఇంట్లో ఉండే హక్కు, అసలు తేలనేలేదు. ప్రవక్త కాలంలో ఫురైఆ అనే స్త్రీ భర్త, పారిపోయిన బానిసలను వెతకబోయి వాళ్ల చేతిలోనే చనిపోయాడు. తనకు సొంతమైన ఇల్లు గానీ భృతి గానీ ఆయన వదిలిపోలేదు, పుట్టింటికి పోవచ్చా అని ఆమె ప్రవక్తను అడిగింది. ఆయన మొదట సరేనని, ఆమె వెనుదిరగ్గానే మళ్లీ పిలిపించి, గడువు తీరేదాకా ఆ ఇంట్లోనే ఉండమన్నాడు. ఆమె నాలుగు నెలల పది రోజులు అక్కడే గడిపింది. ఏళ్ల తర్వాత ఖలీఫా ఉస్మాన్ ఆమెకు కబురుపెట్టి ఈ సంగతి అడిగి తెలుసుకుని, దాని ప్రకారమే తీర్పు ఇచ్చాడు. అంటే, 240ని చోటు నుంచి కదిలించనన్న మనిషే తీర్పు దగ్గరికి వచ్చేసరికి 234 గడువును అమలు చేశాడు. ఆయన దృష్టిలో ఆ రెండు పనులకూ పొంతన కుదరకపోవడమేమీ లేదు.

అయితే ఇబ్న్ అబ్బాస్ నుంచి ఇంకో మాట వచ్చింది: ఆమె తనకిష్టమైన చోట ఇద్దత్ గడపవచ్చు. ఆయన శిష్యుడు అతా దాన్ని విడమరిచి, వారసత్వ ఆజ్ఞ వచ్చాక ఇంట్లో ఉండే హక్కు కూడా పోయిందన్నాడు. ఇది కూడా బుఖారీలోనే ఉంది. గమ్మత్తేమిటంటే, ఇబ్న్ అబ్బాస్ శిష్యుల్లో ఒకరు ఈ ఆయత్ రద్దే కాలేదన్నారు, మరొకరు ఇల్లుతో సహా రద్దైందన్నారు.

గర్భవతి సంగతి ఇంకో మెలిక. 65వ సూరా తలాక్‌లో నాలుగో ఆయత్ గర్భిణుల గడువు ప్రసవంతో తీరుతుందంటుంది. మరి భర్త పోయిన గర్భిణికి నాలుగు నెలల పది రోజులా, ప్రసవమా? రెండింటిలో ఏది ఆలస్యమైతే అది అన్నారు అలీ, ఇబ్న్ అబ్బాస్. సుబైఆ అనే స్త్రీ భర్త పోయిన కొద్దిరోజులకే ప్రసవించినప్పుడు, ఆమె మళ్లీ పెళ్లి చేసుకోవచ్చని ప్రవక్త అనుమతించాడన్న హదీసుతో ఈ వాదం పక్కకు పోయింది. తలాక్ సూరా బఖరా ఆయత్ కంటే తర్వాత వచ్చిందని ప్రవక్త సహచరుడు ఇబ్న్ మస్‌ఊద్ గట్టిగా చెప్పేవాడు.

మరి తలాక్ ఆయత్ బఖరా ఆయత్‌ను రద్దు చేసిందా? తర్వాతి కాలం పండితులు కాదంటారు. 234 ఇప్పటికీ అమల్లో ఉంది, గర్భవతులను మాత్రం అందులోంచి మినహాయించారు, దీన్ని తఖ్సీస్ అనాలి అంటారు. మొదటి తరాలవాళ్లు మాత్రం మినహాయింపునూ, షరతు చేర్చడాన్నీ, పూర్తి రద్దునూ అన్నింటినీ కలిపి నస్ఖ్ అనే అనేవారు. 14వ శతాబ్దంలో స్పెయిన్‌లోని గ్రెనడాలో ఉన్న షాతిబీ ఈ సంగతిని వివరంగా ఎత్తిచూపాడు. పాత జాబితాలు ఎందుకంత పొడుగున్నాయో దీన్నిబట్టి అర్థమవుతుంది. తొలికాలపు వ్యాఖ్యాత మినహాయింపు అన్న ఉద్దేశంతో నస్ఖ్ అన్న ప్రతిచోటా, తర్వాతివాడు పూర్తి రద్దు అని రాసుకుంటూ పోయాడు. ఆ రకంగా లెక్క వందలు దాటింది.

ఆ లెక్కను గట్టిగా కోసింది 1505లో పోయిన సుయూతీ. ఒక్కొక్క ఆయత్‌ను తీసుకుని, ఇది మినహాయింపు, ఇది కథనం, ఇందులో అసలు వైరుధ్యమే లేదు అంటూ ఏరిపారేసి, చివరికి ఇరవై చిల్లరకు తెచ్చాడు. ఢిల్లీలో 1703లో పుట్టి 1762లో పోయిన షా వలీఉల్లా ఆ ఇరవైని మళ్లీ జల్లెడ పట్టి ఐదుకు దించాడు. ఆయన ఐదింటిలో ఒకటి చాలా తేలికగా అర్థమయ్యేది: ముజాదలా సూరా 12వ ఆయత్ ప్రవక్తతో ఏకాంతంగా మాట్లాడాలంటే ముందు దానం ఇవ్వాలంటుంది, 13వ ఆయత్ ఆ షరతును సడలిస్తుంది. రెండూ పక్కపక్కనే ఉన్నాయి, తగాదాకు చోటు తక్కువ. మన 240 కూడా ఆ ఐదింటిలోనే లెక్కకు వస్తుంది. కానీ దాని దగ్గర షా వలీఉల్లా ఒక వాక్యం జోడించాడు: భర్త అట్లా వసీయత్ చేయడం మంచిదనీ, భార్య దానికి కట్టుబడనక్కర్లేదనీ కూడా ఈ ఆయత్‌ను అర్థం చేసుకోవచ్చు అని. అంటే అంత కోత తర్వాత మిగిలిన ఐదింటిలో కూడా ఇది గట్టిగా నిలబడలేదు.

తర్వాత సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్ లాంటివాళ్లు ఆ ఐదూ అక్కర్లేదన్నారు. బఖరా 106వ ఆయత్‌లో మేము ఒక ఆయత్‌ను తీసేస్తే దానికంటే మెరుగైనదో దానిలాంటిదో తెస్తామని ఉన్నది, ఖురాన్ లోపలి ఆయత్‌ల గురించి కాదు, ముందటి గ్రంథాల శాసనాల గురించి అని వాళ్ల వాదన. ఆ ఆయత్‌కు ముందు గ్రంథప్రజల ప్రస్తావన ఉండటం ఈ అర్థానికి బలం ఇస్తుంది. దీన్ని అంత తేలికగా తోసిపుచ్చలేం. కాకపోతే ఆ ఒక్క ఆయత్ అర్థం మారినంత మాత్రాన, పాత ఏడాది గడువు పోయిందన్న హదీసు ఎక్కడికీ పోదు.

వాట్సాప్‌లో తిరిగే రద్దైన ఆయత్‌ల జాబితాలను ఈ వెలుగులో చూడాలి. ‘యుద్ధం గురించిన తౌబా సూరా ఐదో ఆయత్ వచ్చాక శాంతి, ఓర్పు చెప్పే 124 ఆయత్‌లు రద్దైపోయాయి’ అన్నది వాటిలో తరచూ కనిపించేది. ఆ 124 అన్న సంఖ్య కల్పితం కాదు. ఇబ్నుల్ అరబీ అనే మధ్యయుగ పండితుడి పేరుతో సుయూతీ దాన్ని ఉటంకించాడు. అదే పుస్తకంలో, ఓర్పు ఆజ్ఞలు మన్సూఖ్ కావు, పరిస్థితిని బట్టి వచ్చినవి, ఆ పరిస్థితి మళ్లీ వస్తే ఆ ఆజ్ఞే మళ్లీ వర్తిస్తుంది అన్న జవాబు కూడా ఉంది. జాబితా పంపేవాళ్లు సంఖ్యను తీసుకుంటారు, జవాబును వదిలేస్తారు. అట్లాంటి జాబితా ఎవరు పంపినా అడగాల్సినవి కొన్నే: ఆయత్‌లో ఏ భాగం పోయిందంటున్నారు, ఏది తర్వాత వచ్చిందో ఏ కథనం చెబుతోంది, ఆ మాట అన్నవారు నస్ఖ్ అన్నప్పుడు మినహాయింపును కూడా కలిపి అన్నారా. భర్త పోయిన స్త్రీ ఆయత్‌లాంటి, ఆధారాలన్నీ దొరికే చోటే ఇంత గందరగోళం ఉంటే, కాలక్రమం చెప్పే కథనమే లేని చోట జాబితా మీద ఎంత నమ్మకం పెట్టుకోవచ్చో వేరే చెప్పక్కర్లేదు.

ఇదంతా పుస్తకాల గొడవే అనిపించవచ్చు గానీ, దక్షిణ తెలంగాణ ఊళ్లలో దీని ఫలితం రోజూ కనిపిస్తుంది. ఇక్కడి సున్నీ ముస్లింలలో ఎక్కువమంది హనఫీలు. ఇద్దత్‌లో ఉన్న స్త్రీ పగటిపూట పనిమీద బయటికి పోవచ్చా అన్న ప్రశ్న తరచూ వస్తుంది. బ్యాంకు కాగితాల మీద సంతకం పెట్టాలి, పింఛన్‌కు దరఖాస్తు ఇవ్వాలి, చిన్న కిరాణా కొట్టో కుట్టు మిషనో నడిస్తేగానీ పొయ్యి వెలగదు. తలాక్ అయిన స్త్రీని ఇద్దత్‌లో బయటికి పోవద్దనే హనఫీ ఫిఖ్‌హ్, అంటే ధర్మశాస్త్రం, భర్త పోయిన స్త్రీని పగలు పోనిస్తుంది, రాత్రికి ఇంటికి రావాలంటుంది. ప్రసిద్ధ హనఫీ గ్రంథం హిదాయా చెప్పే కారణం సూటిగా ఉంటుంది: తలాక్ అయిన ఆమెకు ఇద్దత్ కాలానికి భర్త భృతి ఇవ్వాలి, భర్త పోయిన ఆమెకు భృతి లేదు, కాబట్టి సంపాదించుకోవడానికి ఆమె బయటికి పోక తప్పదు. ఆ భృతి ఎందుకు లేదు? 240లోని ఏడాది భృతి వారసత్వ వాటాతో రద్దైందని తేల్చారు కాబట్టి. ఒక ముక్క రద్దైందన్న తీర్పు పక్కనే ఇంకో సడలింపును తెచ్చింది. భృతి లేదని గుర్తుపెట్టుకుని, బయటికి పోవచ్చన్నది మాత్రం మరిచిపోయే బంధువులు ఆ ఇంట్లో ఉంటే, ఆమెకు రెండు వైపులా నష్టమే.

గడువు లెక్క కూడా చాలామంది అనుకున్నంత సాదా కాదు. చాంద్రమాసం మొదటి రోజే భర్త పోతే నెలపొడుపులను బట్టి నాలుగు నెలలు, ఆపైన పది రోజులు లెక్కిస్తారు. నెల మధ్యలో పోతే ఇమామ్ అబూ హనీఫా మాట ప్రకారం మొత్తం రోజుల్లోనే లెక్క: నాలుగు ముప్పైలు, ఇంకో పది, 130 రోజులు. ఉదాహరణకు చాంద్రమాసం మధ్యలో పడిన ఒక మార్చి 10న జడ్చర్లలో ఒకాయన పోయాడనుకుంటే, భార్య ఇద్దత్ జూలై 18కి తీరుతుంది. అబూ హనీఫా శిష్యులు మాత్రం నడిమి నెలలను నెలపొడుపుతోనే లెక్కపెట్టమన్నారు. వాటిలో 29 రోజుల నెలలు పడితే ఒకటి రెండు రోజులు ముందే తీరవచ్చు.

అసలు గొడవ వచ్చేది ఇంటి దగ్గర. ఆ జడ్చర్ల ఇల్లు పోయినాయన పేరు మీదే ఉంది, విలువ 24 లక్షలు, అప్పులూ, పెళ్లినాడు భర్త ఒప్పుకున్న మెహర్ బాకీ ఏమీ లేవు, మొదటి భార్య పిల్లలు పెద్దవాళ్లయి ఉన్నారనుకుందాం. ఈ భార్య వాటా ఎనిమిదో వంతు, అంటే 3 లక్షలు. ఇద్దత్‌లో ఆమె ఆ ఇంట్లోనే ఉండాలని ఫిఖ్‌హ్ చెబుతుంది, కానీ మిగతా ఏడు వంతుల వాళ్లు మా భాగంలో ఉండొద్దంటే ఏమిటి? హనఫీ పుస్తకాలు ఆమె వాటా నివాసానికి చాలనప్పుడు, వారసులు తమ వాటాల్లోంచి వెళ్లగొట్టినప్పుడు, ఆమె వేరే చోటికి మారడాన్ని తప్పుపట్టవు. షాఫిఈ మజ్హబ్ ఫురైఆ హదీసును పట్టుకుని, నివాసం ఆమె హక్కేననీ, ఆస్తిలోంచి దానికి ఏర్పాటు చేయాలనీ అంటుంది. 240లోని ‘ఇంట్లోంచి పంపించకుండా’ అన్న ముక్క ఎంతవరకు మిగిలి ఉందన్న పాత తేడా ఇక్కడ నేరుగా ఆమె సామాను గడప దాటుతుందా లేదా అన్న ప్రశ్నగా మారుతుంది.

ఈ ఆయత్‌ను ఆనుకుని ఉన్న 241తో కోర్టులకు పరిచయం ఎక్కువ. తలాక్ అయిన స్త్రీలకు తగిన రీతిలో ఏదైనా ఇవ్వాలని అందులో ఉంది. 1985 షా బానో తీర్పులో సుప్రీంకోర్టు దాన్ని ఉటంకించింది. 2024 జూలైలో మహమ్మద్ అబ్దుల్ సమద్ వర్సెస్ తెలంగాణ రాష్ట్రం కేసులో, విడాకులైన ముస్లిం స్త్రీ కూడా పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 125వ సెక్షన్ కింద మనోవర్తి అడగవచ్చని మళ్లీ తేల్చింది. కానీ ఆ మనోవర్తి బతికున్న భర్తను అడిగేది. భర్త పోయిన ఆమెకు ఆయన దగ్గర్నుంచి దక్కేది వారసత్వ వాటా, మెహర్ బాకీ ఉంటే అదీ.

240 చెప్పిన ఏడాది వసీయత్ రాయడానికి మాత్రం ఈరోజుకీ ఒక దారి మిగిలి ఉంది. నా తర్వాత నా భార్యను ఏడాదిపాటు ఈ ఇంట్లో ఉండనివ్వండి, ఖర్చు భరించండి అని భర్త కాగితం రాయవచ్చు. హనఫీ నియమం ప్రకారం వారసురాలికి చేసిన ఆ వసీయత్ తనంతట తాను చెల్లదు. ఆయన పోయాక మిగతా వారసులు ఒప్పుకుంటే చెల్లుతుంది, బతికుండగా వాళ్లిచ్చిన మాట లెక్కలోకి రాదు. ఒకరు ఒప్పుకుని ఇంకొకరు కాదంటే, ఒప్పుకున్నవాడి వాటా మేరకే అది నిలుస్తుంది.